రంజాన్‌లో రోజా ఉండి బడికి పంపడానికి ప్రిన్సిపాల్‌కు రాసిన ఉత్తరం: మా అనుభవం

మావాడు ఏడో తరగతి. కర్నూలులో ఒక ప్రైవేటు బడిలో చదువుతున్నాడు. పోయినేడు రంజాన్‌లో ఆదివారాలు మాత్రమే రోజా, అంటే ఉపవాసం, ఉన్నాడు కాబట్టి బడికి చెప్పాల్సిన పని పడలేదు. ఈ ఏడాది (2025) జనవరి ఆఖర్లోనే మొదలుపెట్టాడు, "ఈసారి నెల మొత్తం ఉంటానమ్మా" అని. వాడి చిన్నాన్న కొడుకు ఉంటున్నాడట, వీడు ఉండకపోతే ఎట్లా! ఈడు రాని పిల్లలకు రోజా ఫర్జ్, అంటే తప్పనిసరి, కాదని జేజి చెప్పింది. "ఉంటే ఉండు, ఉండలేని రోజు మానేయి, ఎవరూ లెక్క అడగరు" అంది. మా ఆయనదీ అదే మాట. నాకు మాత్రం బడి గురించే బెంగ. తెల్లవారుజామున ఐదుంబావుకు తిండి ఆపితే సాయంత్రం ఆరున్నర దాకా నీళ్లు కూడా ముట్టడు. అందులో ఎనిమిది గంటలు నా కళ్లముందు ఉండడు.

చెప్పకుండా పంపేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నారు మా ఆయన. ఆయన పరుపుల కొట్టులో కూర్చుంటారు, బడి సంగతి నేనే చూసుకోవాలి. చెప్పకుండా పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. లంచ్ బెల్లులో పిల్లాడు తినకుండా కూర్చుంటే ఆయమ్మ వచ్చి అన్నం తినిపించేస్తుంది, లేకపోతే టీచరు ఫోన్ చేస్తుంది. అందుకే ఉత్తరం రాసే ఇవ్వాలనుకున్నాను.

ఫిబ్రవరి 10న, సోమవారం, ఒక పేజీ రాసి మావాడి డైరీలో పెట్టి క్లాస్ టీచరుకు పంపాను. రంజాన్ గురించి, మా నమ్మకం గురించి రెండు పేరాలు, చివర్లో అనుమతి అడుగుతూ రెండు వాక్యాలు. మా మరిది లాయరు దగ్గర గుమాస్తాగా చేస్తాడు. రాజ్యాంగంలో 25వ అధికరణం ఉంది, అది కూడా రాయి వదినా అన్నాడు. రాసి, మళ్లీ కొట్టేశాను. ఏడాదంతా మన పిల్లాణ్ని చూసుకోవాల్సిన మనిషికి మొదటి ఉత్తరమే నోటీసులా పంపడం నాకు నచ్చలేదు. ఆమె కాదంటే అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

వారం గడిచింది, జవాబు లేదు. ఉత్తరం డైరీలో మాత్రం లేదు, అంటే ఎవరో తీసుకున్నారు. 17న ఆఫీసు నుంచి ఫోన్: "రేపు పదకొండుకు రండమ్మా, ప్రిన్సిపాల్ మేడం మాట్లాడతారట." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏం అడుగుతారో, మావాణ్ని వేరుగా చూస్తారేమో, అసలు ఎందుకు రాశానా అని రకరకాలుగా అనిపించింది.

మరునాడు వెళితే మేడం క్లాసులో ఉన్నారు. ఆఫీసులో క్లర్కు సారు ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన నా ఉత్తరం చేతిలో పట్టుకుని, "ఇది ఇట్లా కాదమ్మా" అంటూ బీరువాలోంచి ఒక ఫైలు తీశారు. లోపల అన్నీ అయ్యప్ప మాల ఉత్తరాలే. నవంబరులో మాల వేసుకున్న పిల్లలకు నల్ల బట్టలు వేసుకోవడానికి, చెప్పులు లేకుండా రావడానికి, జుట్టు కత్తిరించుకోకపోవడానికి తల్లిదండ్రులు పెట్టుకున్న అర్జీలు. ఒకటి భవానీ దీక్షది, ఎర్ర బట్టలకు. అన్నీ ఒకే తీరు: పిల్లాడి పేరు, క్లాసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, బడి నియమాల్లో వేటికి మినహాయింపు కావాలి, కింద "జరిగే దానికి మాదే బాధ్యత" అని తండ్రి సంతకం. "స్వాములకు ఇదే ఫార్మాటు. మీరూ ఇట్లాగే రాసియ్యండి" అన్నారాయన. అంతదాకా ఈ బడిలో ఇలాంటిది అడిగేదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటున్నాను. ఆ ఫైలు మందం చూసేసరికి సగం భయం పోయింది.

ఆ ఫార్మాటు మాకు అచ్చంగా సరిపోదని మాత్రం మేడంతో మాట్లాడాకే తెలిసింది. మాల వేసుకున్న పిల్లాడు మధ్యాహ్నం భోంచేస్తాడు, నీళ్లు తాగుతాడు. బడికి అక్కడ బట్టల సమస్యే తప్ప ఒంటి సమస్య లేదు. మావాడి విషయంలో ఆమె భయమంతా ఒంటి గురించే. "ఎండాకాలం మొదలవుతోంది. పిల్లాడు కళ్లు తిరిగి పడిపోతే నేనేం చెయ్యాలి? నీళ్లు ఇస్తే మీ వ్రతం చెడగొట్టానంటారు, ఇవ్వకపోతే పిల్లాణ్ని పట్టించుకోలేదంటారు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబుంది గానీ ఉత్తరంలో లేదు. "నీళ్లు ఇచ్చేయండి మేడం. ఒంట్లో బాగాలేని వాళ్లకు సడలింపు ఖురాన్‌లోనే ఉంది. తరవాత ఇంకోరోజు ఉంటాడు" అన్నాను. "అయితే అదే రాసియ్యండి. నోటితో చెప్పింది ఆరోజు గుర్తుండదు" అన్నారు.

తరవాత ఆమె చేసిన పని నేను ఊహించలేదు. మావాణ్ని క్లాసు నుంచి పిలిపించి, నన్ను బయట కూర్చోమన్నారు. తలుపు సగం తెరిచే ఉంది. "నీకు ఇష్టమేనా, ఇంట్లో ఉండమన్నారా?" అని అడగడం వినిపించింది. నా మీద అనుమానమా అని చివుక్కుమంది, అబద్ధం చెప్పను. వాడు "నేనే అడిగినా మేడం" అన్నాడు. "మధ్యలో ఓపిక లేకపోతే?" అంటే కాసేపు మాట్లాడలేదు. "చెప్తా... నీళ్లు తాగుతా" అన్నాడు. ఆ "చెప్తా" అనేది ముఖ్యమని నాకు తరవాత అర్థమైంది. ఆ వయసు పిల్లలు ఓపిక లేదని చెప్పడం ఓడిపోవడం అనుకుంటారు. మేడం ముందు ఒప్పుకున్నాడు కాబట్టి ఆ మాటకు కాస్త బరువొచ్చింది.

బయటికొచ్చేటప్పుడు ఆమె రెండు కాగితాలు అడిగారు: కొత్త ఉత్తరం, డాక్టరు సర్టిఫికెట్. క్లర్కు సారు స్టాంపు పేపరు కావాలన్నారు గానీ మేడం తెల్లకాగితం చాలన్నారు.

డాక్టరు దగ్గర తేలిగ్గా అయిపోతుందనుకుంటే అక్కడో మెలిక. మేం మామూలుగా చూపించుకునే పిల్లల డాక్టరు "ఉపవాసానికి ఫిట్ అని నేను రాయనమ్మా, అట్లా ఎవరూ రాయకూడదు" అన్నారు. ఏ రోజు ఎలా ఉంటుందో తనకెలా తెలుస్తుందని. బరువు చూశారు, ఆస్తమా, ఫిట్స్, షుగర్ లాంటివి ఏమైనా ఉన్నాయా, రోజూ వేసుకునే మందులున్నాయా అని అడిగారు, రక్తం ఎంతుందో పరీక్షకు రాశారు. రిపోర్టు చూశాక, "ప్రస్తుతం తెలిసిన జబ్బులేమీ లేవు, రోజూ వాడే మందులు లేవు, తల తిరగడం, వాంతి, గట్టి తలనొప్పి ఉంటే వెంటనే ఉపవాసం ఆపించాలి" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ఆలోచిస్తే ఫిట్ అని రాయడం కంటే ఇదే నయం, బడికి ఏం గమనించాలో ఇందులో ఉంది. ఫీజు 300, రక్తపరీక్ష 150, ఆటోలు విడిగా. మొత్తం ఖర్చు ఐదారు వందల్లో తేలిపోయింది.

రెండో ఉత్తరంలో మతం గురించి ఒక్క వాక్యమే ఉంచాను. అసలు భాగం ఇలా రాశాను, ఎవరికైనా పనికొస్తుందని ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

"మా అబ్బాయి రంజాన్ నెలలో రోజా (ఉపవాసం) ఉండి బడికి రావడానికి అనుమతి కోరుతున్నాను. నెలవంక కనిపించేదాన్ని బట్టి మార్చి 1న గానీ 2న గానీ మొదలవుతుంది, 29 లేదా 30 రోజులు ఉంటుంది. మొదలైన తేదీని ముందురోజు రాత్రి క్లాస్ టీచరు గారికి మెసేజ్ చేస్తాను. ఉపవాసం ఉన్న రోజు భోజనం, నీళ్లు తీసుకోడు. ఏ రోజైనా ఉపవాసం లేకపోతే ఆ రోజు డైరీలో రాసి, లంచ్ బాక్సు పంపుతాను.

ఆ రోజుల్లో పి.టి. పీరియడ్‌లో పరుగు, ఎండలో ఆటలు లేకుండా నీడన కూర్చోనివ్వాలని, లంచ్ సమయంలో లైబ్రరీలో గానీ క్లాసులో గానీ ఉండనివ్వాలని కోరుతున్నాను. చదువు, హోంవర్కు, స్లిప్ టెస్టుల్లో ఏ మినహాయింపూ అడగడం లేదు.

తల తిరిగినా, వాంతి అయినా, టీచరుకు అనుమానం వచ్చినా మాకు ఫోన్ చేసేదాకా ఆగకుండా వెంటనే నీళ్లు, గ్లూకోజ్ ఇవ్వవచ్చు. అందుకు నా పూర్తి సమ్మతి ఉంది. తరవాత ఫోన్ చేస్తే అరగంటలో వచ్చి తీసుకెళ్తాం."

కింద మా ఇద్దరి సంతకాలు, రెండు ఫోన్ నంబర్లు. డాక్టరు కాగితం జత చేశాను. శుక్రవారాలు జుమ్మా నమాజుకు మధ్యాహ్నం గంటసేపు పంపమని కూడా ఒక వాక్యం రాశాను, మా ఆయన పట్టుబట్టారు కాబట్టి. టోపీ మాట కూడా ఎత్తమన్నారు గానీ అది నేను రాయలేదు. మావాడు బళ్లో టోపీ పెట్టుకుంటానని ఎప్పుడూ అనలేదు, వాడు అడగనిది మనం అడగడం దేనికని.

ఉత్తరం ఇచ్చింది 20న. 26న శివరాత్రి సెలవు. 27న వెళితే మేడం ముందురోజు తాను ఉపవాసం, జాగారం అని, ఇంకా నీరసంగానే ఉందని నవ్వారు. "మాకు పళ్లు, పాలు ఉంటాయి. మీవాడికి అదీ లేదు" అన్నారు. ఉత్తరం మీదే "పర్మిటెడ్" అని రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టించారు. జుమ్మా వాక్యం మాత్రం పెన్నుతో కొట్టేశారు. బడివేళల్లో ఒక్క పిల్లాణ్ని బయటికి పంపితే దారిలో ఏమైనా తనదే పూచీ అవుతుందని, మార్చి 15 నుంచి ఎటూ ఒంటిపూట బడులొస్తాయి, అప్పుడు వెళ్లొచ్చని. అది న్యాయంగానే అనిపించింది. మా ఆయనకు అనిపించలేదు, రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. ముద్ర కొట్టిన కాగితానికి జిరాక్సు అడిగి తీసుకున్నాను. మీరూ తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను.

మార్చి 1 శనివారం సాయంత్రం నెలవంక కనిపించింది. మొదటి రోజా ఆదివారం ఇంట్లోనే గడిచింది. సోమవారం, 3న, లంచ్ బాక్సు లేకుండా బస్సెక్కిస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు. అలవాటు కొద్దీ నీళ్ల సీసా బ్యాగులో పెట్టబోయాను. తరవాత పెట్టే పంపాను కూడా. అవసరమొస్తే తాగడానికి సీసా దగ్గరుండటం మంచిదని జేజి అంది. వాడు మూత తియ్యకుండానే తెచ్చేవాడు.

ఆకలి, దాహం గురించి ఇంత రాశాం, ఇంత మాట్లాడాం గానీ మొదటి వారంలో వచ్చిన తంటా నిద్రది. నాలుగుంబావుకు సహరీకి, అంటే తెల్లవారకముందు తినే తిండికి, లేపాలి. రాత్రి వాళ్ల నాయనతో తరావీ నమాజుకు వెళ్లొచ్చేసరికి పది అవుతుంది. అంటే ఆరుగంటల నిద్ర, అదీ ముక్కలుగా. గురువారం డైరీలో ఎర్రసిరాతో వచ్చింది: "సోషల్ పీరియడ్‌లో నిద్రపోయాడు." చదువులో మినహాయింపు అడగనని రాసిచ్చాను కాబట్టి నోరెత్తలేను. బడి ఉన్న రాత్రులు తరావీ మాన్పించి తొమ్మిదికే పడుకోబెట్టాం. సహరీ అయ్యాక ఫజర్ నమాజు చదివి మళ్లీ ఏడింటిదాకా ఒక కునుకు. అంతటితో నిద్ర గొడవ సర్దుకుంది. సహరీలో ఊరగాయ, అప్పడం తీసేశాను, అవి తిన్నరోజు పదకొండింటికే దాహమని చెప్పేవాడు. గుడ్డు, పెరుగన్నం, ఒక అరటిపండు, రాగిజావ ఇచ్చేదాన్ని. నీళ్లు ఒక్కసారిగా కాకుండా నాలుగున్నర నుంచి కొంచెం కొంచెంగా.

తోటిపిల్లల సంగతి. మొదటి రెండు రోజులు వాడిచుట్టూ గుమిగూడారట. "నీళ్లు కూడా తాగవా? ఉమ్మి కూడా మింగవా?" అని. ఉమ్మి మింగితే ఏమీ కాదని వాడికీ గట్టిగా తెలీక ఇంటికొచ్చి జేజిని అడిగాడు. పక్కబెంచీ పిల్లాడు వాడి ముందు తినడం బాగోదని బాక్సు తీసుకుని వరండాలోకి పోయేవాడట. మావాడికి అదే ఎక్కువ ఇబ్బంది, "వాడు నావల్ల బయట తింటున్నాడమ్మా" అని. లైబ్రరీ అడిగింది మంచిదే అయింది.

11న, మంగళవారం, పన్నెండున్నరకు ఫోన్ మోగింది. బడి నంబరు చూడగానే విషయం అర్థమైంది. ఆరోజు పి.టి. సారు సెలవు. ఆయన బదులు వచ్చిన సారుకు ఏమీ తెలీదు, అందరితోపాటు వీణ్నీ గ్రౌండులో రెండు రౌండ్లు పరిగెత్తించాడు. వీడు చెప్పలేదు. చెప్తానని మేడం దగ్గర ఒప్పుకున్నవాడు అక్కడ నోరు విప్పలేదు. క్లాసులోకి వచ్చి వాంతి చేసుకున్నాడు. క్లాస్ టీచరు ఆఫీసు నుంచి ఉత్తరం తెప్పించి చూసి, నీళ్లలో గ్లూకోజ్ కలిపి తాగించి, అప్పుడు నాకు ఫోన్ చేసింది. "ఇవ్వొచ్చని రాశారు కదమ్మా, ఇచ్చేశా" అంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే నాకు ఫోన్ చేసి, నేను ఎత్తేదాకా ఆగేది.

నేను వెళ్లేసరికి స్టాఫ్ రూములో బల్లమీద పడుకుని ఏడుస్తున్నాడు. ఒంట్లో బాగోలేక కాదు, రోజా పోయిందని. "ముప్పై ఉంటానన్నా కదా" అని ఒకటే. నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి. ఇంటికొచ్చాక జేజి దగ్గర కూర్చోబెట్టుకుని, ఇది పోయినట్టు కాదు, పండగ తరవాత దీని బదులు ఒకరోజు కజా ఉంటే సరి అని సముదాయించింది. సాయంత్రానికి మామూలై బజ్జీలు అడిగాడు.

మరునాడు జిరాక్సు కాగితం పట్టుకుని బడికెళ్లాను. పోట్లాడటానికి కాదు. అనుమతి ప్రిన్సిపాల్ ఫైల్లో ఉంది, పి.టి. సారుకు నోటితో చెప్పారు, అంతే. ఆయన బదులు వచ్చే సారుకు, బస్సులో ఉండే ఆయమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆ కాగితాన్ని చిన్నగా మడిచి మావాడి ఐడీ కార్డు వెనక ప్లాస్టిక్ తొడుగులో పెడతానంటే మేడం ఒప్పుకున్నారు. "ఉపవాసం. పరిగెత్తించవద్దు. తల తిరిగితే నీళ్లు ఇవ్వండి" అని పైకి కనబడేలా రాసి పెట్టాను. వాడు నోరు తెరవకపోయినా కార్డు తిప్పి చూపించొచ్చు. తరవాత ఒకసారి చూపించాడు కూడా, మంచినీళ్లు మోయమన్నప్పుడట. అది మోయడానికి ఏమీ కాదురా అన్నాను!

15 నుంచి ఒంటిపూట బడులు. ఇక హాయి అనుకున్నాం గానీ అదీ పూర్తిగా కాదు. బడి పొద్దున ఏడూముక్కాలుకే, కాబట్టి ఫజర్ తరవాత కునుకు పోయింది. పన్నెండున్నరకు మండుటెండలో బస్సు దిగి నడిచి రావాలి. మొదటిరోజు ముఖం చూసి భయపడి మరునాటి నుంచి మా ఆయన బండిమీద తెచ్చేవారు, తలకు తడి తువాలు చుట్టి. ఇంటికొచ్చి స్నానం చేసి సాయంత్రం అసర్ నమాజు దాకా పడుకునేవాడు. ఆ నిద్రతో మిగతా నెల గట్టెక్కింది. శుక్రవారాలు జుమ్మాకు మా ఆయనతోనే వెళ్లాడు.

మార్చి 31న పండగ. మేడంకు, క్లర్కు సారుకు, క్లాస్ టీచరుకు షీర్ ఖుర్మా డబ్బాలు పంపాను. క్లర్కు సారు డబ్బా తిరిగిస్తూ, నా ఉత్తరాన్ని అయ్యప్ప ఉత్తరాల ఫైల్లోనే పెట్టానని, ఇకమీదట ఎవరైనా రోజాకు అడిగితే ఇదే చూపిస్తానని చెప్పారు.

బాకీ ఉన్న ఆ ఒక్క రోజాను ఏప్రిల్ పరీక్షలయ్యాక ఉంటానంటున్నాడు. వచ్చే ఏడాది నెల ఫిబ్రవరి మూడో వారంలోనే మొదలవుతుంది, అంటే చాలా రోజాలు ఒంటిపూట బడులు రాకముందే, పూర్తిపూట బడిలోనే గడవాలి. అందుకని ఉత్తరం సంక్రాంతి సెలవులు అయిన వెంటనే ఇస్తాను. డాక్టరు కాగితం కొత్తది కావాలన్నారు, పాత తేదీది పనికిరాదట.